మా వాట్సాప్‌లో చాట్‌బాట్: అది ఏం చెబుతుంది, ఏం చెప్పదు (తరచుగా అడిగే ప్రశ్నలు)

నమస్కారమండీ.

ఇక నుంచి మా పచ్చళ్ళ కొట్టు వాట్సాప్ నంబరుకు మీరు మెసేజ్ పెడితే ముందుగా పలికేది చాట్‌బాట్. నంబరు పాతదే. తణుకులో కొట్టు ఉన్న చోటే ఉంది, పచ్చళ్ళు కలిపే చేతులూ అవే. మారింది మొదటి జవాబు ఒక్కటే. ఈ విషయం చెప్పగానే చాలామంది ఫోన్ చేసి రకరకాల ప్రశ్నలు అడిగారు. కొందరు సరదాగా, కొందరు కాస్త కోపంగా. ఆ ప్రశ్నలకు జవాబులన్నీ ఒకచోట రాస్తే అందరికీ పనికొస్తుందని ఇలా రాస్తున్నాను. కొంచెం పెద్దదైంది. అలర్జీ ఉన్నవాళ్ళూ, విదేశాలకు తెప్పించుకునేవాళ్ళూ మాత్రం ఆ భాగాలు తప్పకుండా చదవండి.

అసలు బాట్ ఎందుకు? మీరే మాట్లాడొచ్చు కదా?

మాట్లాడతామండీ, మానలేదు. ఏప్రిల్ నుంచి జూన్ వరకు మా పరిస్థితి మీకు తెలుసు. కాయ దిగిందంటే ముక్కలు కొట్టించడం, తుడవడం, కలపడం, మూడో రోజు తిరగేయడం, ఇదే పని. చేతులు కారంలో ఉన్నప్పుడు ఫోన్ ముట్టుకోలేం. అమెరికాలో ఉన్నవాళ్ళు మెసేజ్ పెట్టే వేళకు ఇక్కడ అర్ధరాత్రి. పొద్దున్నే చూస్తే వరసగా మెసేజ్‌లు ఉంటాయి. వాటిలో ఎక్కువ భాగం కేజీ ఎంత, ఉందా, ఎప్పుడు పంపుతారు అన్న మూడు ప్రశ్నలే. ఈ మూడింటికీ జవాబు మా దగ్గర కాగితం మీద ఉంది. కాగితం మీద ఉన్న జవాబు చెప్పడానికి నేను నిద్ర లేచేదాకా మీరు ఆగక్కర్లేదు. బాట్ పెట్టింది అందుకే. పనివాళ్ళను తగ్గించడానికి కాదు, ఎవరినీ తీసెయ్యలేదు.

నేను మాట్లాడేది మనిషితోనా, బాట్‌తోనా? ఎలా తెలుస్తుంది?

బాట్ మొదటి మెసేజ్‌లోనే “నేను కొట్టు చాట్‌బాట్‌ను” అని చెబుతుంది. దానికి మనిషి పేరు పెట్టలేదు, ఫొటో పెట్టలేదు. మా అమ్మాయి ఎవరో కూర్చుని మాట్లాడుతున్నట్టు మీరు అనుకోకూడదనే అలా చేశాం. మాలో ఒకరు మాట్లాడుతుంటే ఆ మెసేజ్ చివర మా పేరు ఉంటుంది.

మనిషి కావాలంటే “మనిషి” అని గానీ, `manishi` అని గానీ టైప్ చేయండి. బాట్ ఇంకో ప్రశ్న వేయకుండా తప్పుకుంటుంది. పొద్దున 9 నుంచి రాత్రి 7 వరకు అయితే మేం వీలైనంత త్వరగా చూస్తాం. ఆ తర్వాతా, ఆదివారాలూ అయితే మర్నాడే. కొన్ని చోట్ల బాట్ దగ్గరి నుంచి మనిషి దగ్గరికి చేరడానికి ఎన్ని మెనూలు దాటాలో నాకూ అనుభవమే. ఇక్కడ ఒక్క మాట చాలు.

బాట్ చేసే పనులు ఏవి? ఒక ఆర్డరు ఎలా నడుస్తుందో చెప్పండి.

ధరలు, స్టాకు, మా ఊరి నుంచి మీ ఊరికి కొరియర్ ఖర్చు, పార్సెల్ ఎక్కడిదాకా వచ్చింది, ఏ పచ్చడిలో ఏం వేస్తాం, ఎన్నాళ్ళు నిలవ ఉంటుంది. ఇవి చెబుతుంది. ఆర్డరు కూడా రాసుకుంటుంది. ఒక ఉదాహరణ చూడండి. హైదరాబాద్ నుంచి ఒకరు ఇలా పెట్టారనుకోండి:

```
avakaya 1kg magaya ara kg hyd ki entha avtundi
```

బాట్ ముందు ఇందులోంచి ఏ పచ్చడి, ఎంత, ఏ ఊరు అన్నవి తీసుకుంటుంది. ఆవకాయ మా దగ్గర రెండు రకాలు కాబట్టి, “వెల్లుల్లి వేసిందా, వేయనిదా?” అని తిరిగి అడుగుతుంది. తనంతట తాను ఒకటి అనుకుని ముందుకెళ్ళదు. మీరు వెల్లుల్లి వేసింది అన్నారు. అప్పుడు ధరల పట్టికలో చూస్తుంది. ఆవకాయ కేజీ 600 రూపాయలు, మాగాయ అరకేజీ 340. కొరియర్‌కు పచ్చడి తూకం ఒక్కటే లెక్క కాదు. సీసాలు, చుట్టిన కాగితం, అట్టపెట్టె కలిపి తూస్తారు. అందుకని కేజీన్నర పచ్చడి రెండు కేజీల లెక్కలోకి వస్తుంది. దానికి 120. మొత్తం 1,060.

ఈ కూడిక బాట్ చేయదండీ. మాటలు అల్లడంలో దిట్ట అయిన ఈ రకం బాట్‌లు లెక్కల్లో తడబడతాయి. చూడటానికి సరైన అంకెలాగే ఉండే తప్పు అంకె చెబుతాయి. అందుకే పట్టికలోంచి అంకెలు తీసి కూడే పని వేరే చిన్న ప్రోగ్రాముకు ఇచ్చాం. బాట్ దాని చేత లెక్క వేయించి, వచ్చిన అంకెను మీకు చెబుతుంది, అంతే. మీరు సరే అంటే ఒక ఫారం వస్తుంది, అందులో అడ్రసు, పిన్‌కోడ్ నింపాక ఆర్డరు నంబరు ఇస్తుంది. మర్నాడు పొద్దున మాలో ఒకరు ఆ ఆర్డరు చదివి, పిన్‌కోడూ ఊరూ కలుస్తున్నాయో లేదో చూసి, అప్పుడు సీసా ప్యాక్ చేస్తారు. మనిషి చూడకుండా ఏ పార్సెలూ కొట్టు దాటదు.

నేను తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో టైప్ చేస్తాను. అర్థమవుతుందా?

పైన చూశారుగా, అవుతుంది. తెలుగు లిపిలో రాసినా, ఇంగ్లీషులో రాసినా, రెండూ కలిపి రాసినా ఫరవాలేదు. ఇబ్బందల్లా ఎక్కడంటే ఒక్కొక్కరి స్పెల్లింగ్ ఒక్కో రకం. `ara` అంటే అర అని బాట్‌కు నేర్పాం గానీ, ఎవరైనా `aara` అని రాస్తే ఆరు కేజీలు అనుకునే ప్రమాదం ఉంది. అందుకే ఆర్డరు ఖాయం చేసే ముందు తూకాన్ని అంకెల్లో, తెలుగులో రెండు విధాలా చూపిస్తుంది. ఆ ఒక్క మెసేజ్ మాత్రం జాగ్రత్తగా చదివి సరే అనండి.

వాయిస్ మెసేజ్‌లు బాట్ వినదు. ట్రయల్‌లో విననిచ్చి చూశాం. వెనకాల టీవీ మోగుతున్నా, మిక్సీ తిరుగుతున్నా మాట మారిపోయేది. వాయిస్ పెడితే అది నేరుగా మాకే వస్తుంది.

బాట్ జవాబులు ఎక్కడి నుంచి తెస్తుంది? సొంతంగా ఏమైనా కల్పించి చెబుతుందా?

మంచి ప్రశ్న. ఈ రకం బాట్‌లు లెక్కలేనంత రాతను చదివి, ఏ మాట తర్వాత ఏ మాట వస్తే నప్పుతుందో నేర్చుకుని జవాబు అల్లుతాయి. దాన్ని ఊరికే వదిలేసి “ఆవకాయ ఎన్నాళ్ళు నిలవ ఉంటుంది?” అని అడిగితే ఏడాది అనో, రెండేళ్ళు అనో హాయిగా చెప్పేస్తుంది. అది ఎవరింటి ఆవకాయ గురించో, ఏ నూనెతో కలిపిందో దానికి పట్టదు. మీ చేతిలో ఉన్న మా సీసా గురించి దానికి ఏమీ తెలియదు.

కాబట్టి మేం చేసిందేమిటంటే, మా సమాచారం అంతా ఒక ఫైలులో రాశాం. ఒక్కో పచ్చడికి ఒక్కో పేజీ. వేసే దినుసులు, నూనె రకం, నిలవ కాలం, ఎలా ఉంచుకోవాలి. మీరు ప్రశ్న అడిగినప్పుడు ముందు ఆ ఫైలులో సంబంధించిన పేజీ వెతికి, అది ముందు పెట్టుకుని, అందులో ఉన్నదాన్నే మీకు చెప్పమని బాట్‌కు ఆదేశం. పేజీలో లేకపోతే “నాకు తెలియదండీ, కొట్టు వాళ్ళను అడిగి చెబుతాను” అనాలి. ప్రశ్న మాకు వస్తుంది.

దీనివల్ల కల్పన బాగా తగ్గింది. పూర్తిగా పోయిందని మాత్రం నేను చెప్పను. పేజీ ముందున్నా దాన్ని తప్పుగా చదివే అవకాశం ఉంటుంది. పేజీలోనే ఒక సంగతి రాయకపోతే అసలు దారే లేదు. రెండోది ఎంత ప్రమాదమో తర్వాతి జవాబులో చూడండి.

మా ఇంట్లో ఒకరికి అలర్జీ ఉంది. బాట్‌ను అడిగి ఆర్డరు పెట్టొచ్చా?

వద్దండీ. బాట్ మీకు దినుసుల జాబితా ఇస్తుంది, అంతవరకే. “ఇది తినొచ్చా?” అన్న ప్రశ్నకు జవాబు చెప్పకుండా మాకు పంపేలా పెట్టాం. ఎందుకో వివరంగా చెబుతాను.

ట్రయల్ రోజుల్లో మాకు తెలిసినవాళ్ళ చేత రకరకాల ప్రశ్నలు అడిగించాం. ఒకరు, “మా బాబుకు గోధుమ పడదు. మాగాయలో గోధుమ ఏమైనా ఉందా?” అని అడిగారు. బాట్ మాగాయ పేజీ తీసింది. మామిడి ముక్కలు, ఉప్పు, పసుపు, కారం, మెంతిపిండి, నూనె, ఆవాలు, ఎండుమిర్చి, ఇంగువ. గోధుమ అన్న మాట ఎక్కడా లేదు. “మాగాయలో గోధుమ లేదండీ, నిశ్చింతగా తినొచ్చు” అనేసింది.

పచ్చళ్ళు పెట్టేవాళ్ళెవరైనా ఇక్కడ ఆగుతారు. బజార్లో దొరికే ఇంగువ పొడి వట్టి ఇంగువ కాదు. అసలు ఇంగువ ఘాటైన జిగురు. దాన్ని నేరుగా వాడలేం కాబట్టి పిండి, తుమ్మజిగురు లాంటివి కలిపి పొడి చేసి అమ్ముతారు. ఆ పిండి చాలా రకాల్లో గోధుమపిండి గానీ మైదా గానీ. కొన్నిటిలో బియ్యప్పిండి. డబ్బా వెనకాల చిన్న అక్షరాల్లో ఉంటుంది. మాగాయకు పోపులో వేసేది చిటికెడే, కానీ గోధుమ నిజంగా పడనివాళ్ళకు చిటికెడు కూడా లెక్కే.

బాట్ అబద్ధం చెప్పలేదు. దాని ముందున్న కాగితంలో గోధుమ లేదు. “నిశ్చింతగా” అన్నది మాత్రం సొంతంగా చేర్చింది. దాంతో మేం రెండు మార్పులు చేశాం. ప్రతి పేజీలో దినుసు లోపలి దినుసు కూడా రాశాం. ఇంగువ పక్కన ఆ బ్రాండులో ఏ పిండి ఉందో రాశాం, బ్రాండు మారితే పేజీ మార్చాలని గోడ మీద కూడా రాసుకున్నాం. రెండోది, మెసేజ్‌లో అలర్జీ, పడదు, దద్దుర్లు, గ్లూటెన్, ఆయాసం లాంటి మాటలు కనబడితే బాట్ జాబితా మాత్రం ఇచ్చి పక్కకు తప్పుకోవాలి.

ఇంకో సంగతి. ఆవాలు, నువ్వులు కొందరికి గట్టిగా పడవు. మన దేశంలో లేబుల్ మీద అలర్జీ కారకాలుగా తప్పనిసరిగా రాయాల్సిన జాబితాలో గోధుమ లాంటి గ్లూటెన్ ధాన్యాలు, పాలు, గుడ్లు, చేపలు, రొయ్యల జాతి, వేరుశనగ, జీడిపప్పు లాంటి గింజలు, సోయా ఉన్నాయి. ఆవాలు, నువ్వులు ఆ జాబితాలో లేవు. యూరప్‌లో అయితే రెండూ ఉన్నాయి. అమెరికాలో 2023 జనవరి నుంచి నువ్వులను చేర్చారు. అక్కడ లేబుల్ చూసి అలవాటైనవాళ్ళు ఇక్కడి లేబుల్‌పై హెచ్చరిక లేదంటే ఆ దినుసే లేదనుకుంటారు. మా పచ్చళ్ళలో ఎక్కువ వాటికి నువ్వుల నూనే వాడతాం. ఆవపిండి లేకపోతే అది ఆవకాయే కాదు. అన్ని పచ్చళ్ళూ ఒకే గదిలో, అవే బేసిన్లలో కలుపుతాం, కడిగాకే అనుకోండి. ఈ మాట ఏ దినుసుల జాబితాలోనూ కనబడదు, మేమే చెప్పాలి. అందుకే ఫోన్ చేయండి.

బీపీ ఉంది, షుగరు ఉంది. ఏ పచ్చడి మంచిదో బాట్ చెబుతుందా?

చెప్పదు, మేమూ చెప్పం. మీ డాక్టరుగారిని అడగండి. పచ్చడి అమ్ముకునేవాడు పచ్చడి మంచిదేననే అంటాడు.

ఉప్పు తగ్గించి కలపమని బాట్‌కు చెబితే ఆర్డరు రాసుకుంటుందా?

రాసుకోదు. ఇది మీలో చాలామంది అడిగారు కాబట్టి కారణం చెబుతాను. ఈ బాట్‌లకు ఒక గుణం ఉంది, ఎదుటివాళ్ళ మాట కాదనలేవు. ట్రయల్‌లో “ఉప్పు సగానికి తగ్గించి రెండు కేజీలు పంపండి, ఏడాది నిలవ ఉండాలి” అని అడిగితే, “తప్పకుండా, మీ ఆరోగ్యం మాకు ముఖ్యం” అని ఆర్డరు రాసేసుకుంది. మర్యాదకు లోటు లేదు, పచ్చడికే లోటు.

ఆవకాయలో ఉప్పు రుచి కోసం మాత్రమే కాదు. ముక్కలోని నీటిని ఉప్పు బయటకు లాగుతుంది. ఆ నీరు బూజుకూ, సూక్ష్మజీవులకూ పనికిరాకుండా పట్టి ఉంచుతుంది. కాయ పులుపు, పైన నిలిచే నూనె దానికి సాయం. మేం కారం, ఆవపిండి సమానంగా తీసుకుని, ఉప్పు వాటికన్నా ఒక పిసరు తక్కువ వేస్తాం. దాన్ని సగం చేస్తే ముక్క మెత్తబడుతుంది, కొన్ని వారాల్లోనే పైన బూజు కడుతుంది. నిలవ పచ్చడిగా దాన్ని అమ్మలేం. ఉప్పు తక్కువ కావాలనుకునేవాళ్ళకు ఫ్రిజ్‌లో పెట్టుకుని నెలలోపు తినేసే దోసావకాయ లాంటివి కావాలంటే కలిపి ఇస్తాం. అది ఫోన్‌లో మాట్లాడుకునే సంగతి. ఎప్పుడు కలపాలో, ఎప్పుడు తీసుకుంటారో ముందే అనుకోవాలి.

ఇప్పుడు దినుసుల పాళ్ళు మార్చమనే ఏ కోరికకూ బాట్ సరే అనదు. “నూనె ఎక్కువ వేయండి” అన్నా మాకే పంపుతుంది.

సీసా తీస్తే పైన తెల్లగా ఏదో ఉంది. ఫొటో పంపితే బాట్ చూసి చెబుతుందా?

ఫొటోలు చూడగలిగే బాట్‌లు ఉన్నాయి. మాదాంట్లో ఆ సదుపాయం కావాలనే ఆపేశాం. తెల్లగా కనబడేది ఉప్పు పేరుకున్నది కావచ్చు, బూజు కావచ్చు. ఉప్పయితే గరగరమనే రవ్వలా ఉండి, గోరువెచ్చటి నీటిలో వేస్తే కరిగిపోతుంది. బూజయితే నూగులా, పొరలా ఉంటుంది, ముక్కు దగ్గర పెడితే ముక్కిపోయిన వాసన వస్తుంది. ఇందులో సగం ముక్కుతో తెలిసేది. ఫొటోకు వాసన ఉండదు.

ఇంకో భయం కూడా ఉంది. “పై పొర తీసేసి మిగతాది తినొచ్చు” అన్న సలహా ఇంటర్నెట్ నిండా ఉంది, బాట్ అదే వల్లిస్తుంది. బూజు పైకి కనబడేంత మేరే ఉండదండీ, లోపలికి కూడా పాకి ఉండొచ్చు. కాబట్టి బాట్ ఇలాంటి మెసేజ్‌కు చెప్పే జవాబు ఒక్కటే. తినకండి, కలపకండి, గరిటె పెట్టకండి. సీసా ఫొటో, మూత మీద ఉన్న బ్యాచ్ నంబరు పంపండి. అది మాకు వస్తుంది. అదే బ్యాచ్‌లో వేరే సీసాలు మా దగ్గర ఉంటాయి, అవి తీసి చూస్తాం. అన్నిటికీ ఉంటే తప్పు మాది, మీతోపాటు ఆ బ్యాచ్ కొన్న అందరికీ ఫోన్ చేస్తాం. మీ సీసాకు మాత్రమే ఉంటే తడి గరిటె పెట్టి ఉండొచ్చు. ఎవరి పొరపాటని గొడవ పడే పని లేకుండా మొదటిసారికి మారుస్తాం. డబ్బు వాపసా, సీసా మార్పా అన్నది బాట్ నిర్ణయించదు.

మేం అమెరికాలో ఉంటాం. పంపుతారా, ఎంతవుతుందో బాట్ చెబుతుందా?

ఆర్డరు వివరాలు తీసుకుంటుంది, ఖర్చు మాత్రం చెప్పదు. దేశంలోపల అయితే పట్టిక ఉంది, మారదు. విదేశాలకు అలా కాదు. అమెరికాకు 800 డాలర్ల లోపు పార్సెళ్ళకు సుంకం ఉండని రోజులుండేవి. 2025 ఆగస్టు 29 నుంచి ఆ మినహాయింపు తీసేశారు. అంతకు ముందు రాసిన సమాచారం ఇంటర్నెట్‌లో కుప్పలుగా ఉంది, బాట్ నేర్చుకున్నది అందులోంచే. సుంకం ఉండదని అది ధైర్యంగా చెప్పేస్తే, పార్సెల్ ఇంటికొచ్చిన రోజు డబ్బు కట్టాల్సింది మీరు. అందుకే కొరియర్ వాళ్ళను ఆ రోజు అడిగి మేమే చెబుతాం.

చికెన్, మటన్ పచ్చళ్ళు అమెరికాకు పంపం. మాంసంతో చేసినవి అక్కడి కస్టమ్స్‌లో ఆపేస్తారు, పారేస్తారు కూడా. ఈ ఒక్కటి మాత్రం బాట్ ఖచ్చితంగా చెబుతుంది. పార్సెల్ మీద వేరే పేరు రాయమని దాన్ని బతిమాలకండి. మమ్మల్నీ బతిమాలకండి.

బాట్ తప్పు ధర చెబితే ఎలా?

బాట్ చెప్పిన ధరకు సరే అని మీరు ఆర్డరు నంబరు తీసుకున్నాక, ఆ ధర మా మాట. తక్కువ చెప్పి ఉంటే నష్టం మేం భరిస్తాం. ఎక్కువ చెప్పి ఉంటే తేడా వెనక్కి ఇస్తాం. “అది బాట్ అన్నది, మేం అనలేదు” అని తప్పించుకోం.

ఇందులో నా పెద్దమనసేమీ లేదు. కెనడాలో ఒక కేసు జరిగింది. ఎయిర్ కెనడా వెబ్‌సైట్‌లో ఉన్న చాట్‌బాట్‌ను ఒక ప్రయాణికుడు, దగ్గరివాళ్ళు పోయినప్పుడు ప్రయాణానికి ఇచ్చే తగ్గింపు గురించి అడిగాడు. టికెట్ ముందు కొనుక్కోండి, 90 రోజుల్లోపు దరఖాస్తు పెడితే తేడా వెనక్కి వస్తుందని బాట్ చెప్పింది. కంపెనీ అసలు నిబంధనేమో ప్రయాణం అయ్యాక ఆ తగ్గింపు ఇవ్వం అని. డబ్బు ఇవ్వలేదు. అతను బ్రిటిష్ కొలంబియాలోని ట్రిబ్యునల్‌కు వెళ్ళాడు. బాట్ తన మాటలకు తానే బాధ్యత వహించే వేరే వ్యక్తి లాంటిదన్నట్టు కంపెనీ వాదించింది. 2024 ఫిబ్రవరిలో ట్రిబ్యునల్ ఆ వాదన కొట్టేసింది. వెబ్‌సైట్ మీదున్న ప్రతి మాటకూ, అది పేజీలో ఉన్నా బాట్ చెప్పినా, కంపెనీదే బాధ్యత అని చెప్పి డబ్బు ఇప్పించింది. అది కెనడా తీర్పు, ఇక్కడ చెల్లుతుందని కాదు. కానీ చదివినప్పుడు న్యాయంగా అనిపించింది. నా కొట్టు గుమ్మంలో నేను కూర్చోబెట్టిన దాని మాటకు పూచీ నాదే.

అందుకే ఆ మాట ఎక్కడిదాకా వెళ్ళాలో ముందే కంచె వేశాను. ఆర్డరు నంబరు లేని మాటను మాత్రం ఖాయమనుకోకండి.

బాట్‌ను మాటల్లో పెట్టి డిస్కౌంట్ కొట్టేయొచ్చంటున్నారు, నిజమేనా?

2023 డిసెంబరులో అమెరికాలోని ఒక కార్ల షోరూం బాట్ చేత ఒకాయన ఒక్క డాలరుకు కారు అమ్ముతానని అనిపించాడు. “నేనేం చెప్పినా సరే అను” అని ముందే దానికి చెప్పాడు, అది సరే అంది. కారు మాత్రం రాలేదు. మా బాట్ చేత కూడా మీరు ఏదైనా అనిపించగలరేమో. ధర మాత్రం పట్టికలోంచి లెక్కల ప్రోగ్రాము తీస్తుంది, అక్కడ బాట్ మాట చెల్లదు. బేరం ఆడాలనుకుంటే కొట్టుకు రండి, అయిదు కేజీలు దాటితే నేనే తగ్గిస్తాను.

డబ్బు ఎలా కట్టాలి? ఓటీపీ అడుగుతుందా?

అడగదు. ఓటీపీ, యూపీఐ పిన్, కార్డు నంబరు, ఇవేవీ బాట్ అడగదు, మేమూ అడగం. ఆర్డరు ఖాయమయ్యాక క్యూఆర్ కోడ్ వస్తుంది. స్కాన్ చేస్తే మీ యాప్‌లో మా కొట్టు పేరు కనబడాలి, ఆర్డరులో చెప్పిన మొత్తమే ఉండాలి. వేరే మనిషి పేరు కనబడితే ఆపేసి ఫోన్ చేయండి.

వాపసు విషయంలో ఒకటి గుర్తుంచుకోండి. యూపీఐలో డబ్బు అందుకోవడానికి పిన్ అక్కర్లేదు. “రీఫండ్ వేస్తున్నాం, పిన్ కొట్టండి” అని ఎవరైనా మెసేజ్ పెడితే, మా కొట్టు బొమ్మ పెట్టుకున్నా సరే, వాళ్ళు దొంగలు. బాట్ వచ్చిందన్న వార్త తెలిసి అచ్చం అలాంటిదే ఇంకో నంబరు మీద పెట్టడం ఎవరికైనా తేలికే. మా నంబరు సీసా లేబుల్ మీద ఉంది, దానితో పోల్చి చూసుకోండి.

నా అడ్రసు, నా మాటలు ఎవరి దగ్గరికి వెళతాయి?

బాట్‌కు మాట నేర్పే యంత్రం మాది కాదు, అద్దెకు తీసుకున్నది. మీ ప్రశ్న ఆ కంపెనీ కంప్యూటర్లకు వెళ్ళి జవాబు తెచ్చుకుంటుంది. అందుకే ప్రశ్నలు అడిగే చోటూ, అడ్రసు తీసుకునే చోటూ వేరు చేశాం. అడ్రసు, ఫోన్ నంబరు ఒక ఫారంలో నింపుతారు, అది నేరుగా మా ఆర్డర్ల పుస్తకంలోకి వస్తుంది, యంత్రానికి వెళ్ళదు. ప్రశ్నల్లోనే మీరు అడ్రసు టైప్ చేస్తే మాత్రం వెళ్ళిపోతుంది, కాబట్టి ఫారం వచ్చేదాకా ఆగండి. మీ సంభాషణ తీసేయమంటే “తీసేయండి” అని పెట్టండి, మా దగ్గరున్నది తీసేస్తాం. ఆర్డరు బిల్లు మాత్రం లెక్కల కోసం ఉంచాలి.

ఒకసారి సంభాషణ ముగిశాక బాట్ మిమ్మల్ని గుర్తుపెట్టుకోదు. “పోయినసారి పంపిందే పంపండి” అంటే దానికి తెలియదు. పాత ఆర్డరు నంబరు చెబితే వెతికి తీస్తుంది.

మెసేజ్ పెట్టి రెండు రోజులైంది. మీరు రాసిన జవాబు ఫారం మాటలా వచ్చింది, ఎందుకని?

అది వాట్సాప్ వాళ్ళ నిబంధన. వ్యాపారానికి వాడే ఈ పద్ధతిలో, మీరు చివరి మెసేజ్ పెట్టినప్పటి నుంచి 24 గంటల లోపే మేం ఇష్టమొచ్చినట్టు రాయగలం. దాటితే ముందుగా ఆమోదం పొందిన నమూనా మెసేజ్ మాత్రమే పంపాలి. “మీ ప్రశ్నకు జవాబు సిద్ధంగా ఉంది, మాట్లాడాలంటే సరే అని పెట్టండి” అన్న మెసేజ్ వస్తే అది అదే. మీరు సరే అనగానే మళ్ళీ మామూలుగా మాట్లాడుకోవచ్చు. శనివారం రాత్రి అడిగినవాళ్ళకు ఆదివారం సెలవు వల్ల ఇలా ఎక్కువగా జరుగుతుంది.

మా అమ్మగారికి టైప్ చేయడం రాదు. ఇన్నాళ్ళూ ఫోన్ చేసి ఆర్డరు చెప్పేవారు.

అలాగే చెప్పమనండి. ఫోన్‌కు బాట్ పెట్టలేదు, పెట్టే ఆలోచన లేదు. పగలు ఎత్తకపోతే చేతులు కారంలో ఉన్నాయని అర్థం, మిస్డ్ కాల్ చూసి మేమే చేస్తాం. ఫోన్ ఆర్డర్లు కూడా అదే పుస్తకంలో, అదే ధరకు రాసుకుంటాం. కొత్త ఆవకాయకు ముందుగా పేరు రాయించుకునే పని ఈసారి కూడా ఫోన్ మీదే, మార్చి నెలాఖరు నుంచి మొదలు.